ఐమూలకు లాగిన కాన్వాస్ గురించి అమ్మడికి

అమ్మడూ, ఆశీస్సులు.

కాన్వాస్ మీద ఊలుతో నువ్వు కుట్టిన దిండు ముఖం ఫొటోలు పెద్దవి చేసి చూశాను. కుట్టు చక్కగా ఉంది, రంగులు కుదిరాయి. నలుపలకగా మొదలుపెట్టిన దిండు ముఖం మాత్రం పక్కకు వాలిపోయింది. నువ్వు రాసిన కొలతల ప్రకారం నాలుగు వైపులా 30 సెంటీమీటర్లే ఉంది, కానీ పైఅంచు కింది అంచు మీద నుంచి దాదాపు 3 సెంటీమీటర్లు పక్కకు జరిగింది. దీన్ని సరిచేయొచ్చు. ఎలాగో చెప్పే ముందు ఎందుకిలా అయిందో రాస్తాను, తర్వాతి పనికి అదే ముఖ్యం.

నువ్వు కుట్టింది టెంట్ కుట్టు. దాన్ని మూడు రకాలుగా కుట్టొచ్చు: హాఫ్ క్రాస్, కాంటినెంటల్, బాస్కెట్‌వీవ్. పైనుంచి చూస్తే మూడూ ఒకటే. ప్రతి కుట్టూ ఒక నిలువు పోగు, ఒక అడ్డ పోగు కలిసే చోట ఎడమ కింది రంధ్రంలోంచి వచ్చి కుడి పై రంధ్రంలో దిగుతుంది. తేడా అంతా వెనకవైపు ఉంటుంది. అందుకే నిన్ను వెనకవైపు ఫొటో అడిగాను. అక్కడ పొడుగాటి ఏటవాలు కుట్లు వరసలుగా కనబడుతున్నాయి, అంటే నువ్వు అంతా కాంటినెంటల్‌లో కుట్టావు. ఇందులో ముందువైపు దారం ఐమూలగా లాగుతుంది, వెనకవైపు దారం కూడా అటే వాలి లాగుతుంది. నీ ముక్కలో అలాంటి కుట్లు వేలల్లో ఉన్నాయి. ఒక్కోటి లాగేది కొంచెమే అయినా అన్నీ ఒకే దిక్కుకు లాగితే కాన్వాస్ ఏం చేస్తుంది, వాలిపోతుంది. హాఫ్ క్రాస్‌లో ఊలు తక్కువ పడుతుంది గానీ కాన్వాస్ అందులోనూ వాలుతుంది. పైగా వెనక పెద్దగా దారం ఉండదు కాబట్టి రాపిడికి ఆగదు. ఒంటి పోగులతో నేసిన మామూలు మోనో కాన్వాస్ మీద ఆ కుట్లు పోగుల మధ్యకు జారిపోతాయి కూడా.

బాస్కెట్‌వీవ్‌లో వరసలు ఐమూలగా నడుస్తాయి. దిగే వరసలో సూది వెనకాల నిలువుగా రెండు అడ్డ పోగుల కింద నుంచి పోతుంది. ఎక్కే వరసలో సూది అడ్డంగా రెండు నిలువు పోగుల కింద నుంచి పోతుంది. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే వెనకవైపు బుట్ట అల్లినట్టు తయారవుతుంది. ముందువైపు ఐమూల లాగుడును వెనకున్న నిలువు, అడ్డ కుట్లు పట్టి ఆపుతాయి. పెద్ద నేపథ్యం ఏదైనా సరే నేను దీంట్లోనే కుట్టమంటాను. కాంటినెంటల్‌ను ఒంటి వరస గీతలకు, అక్కడక్కడా వచ్చే ఒకటి రెండు కుట్లకు ఉంచుకో. అంత చిన్నచోట అది కాన్వాస్‌ను ఏమీ చేయలేదు.

బాస్కెట్‌వీవ్‌లో చాలామంది ఆగిపోయేది ఒక్కచోట. పని ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు పైకి వెళ్లాలా కిందకు వెళ్లాలా అన్నది మర్చిపోతారు. రెండు వరసలు ఒకే దిక్కుకు కుడితే ముందువైపు ఐమూలగా ఒక గీత లేస్తుంది. వెలుతురు పక్కనుంచి పడినప్పుడు అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ తికమకకు జవాబు కాన్వాస్‌లోనే ఉంది. మోనో కాన్వాస్ మామూలు నేతే, ఒక కూడలిలో నిలువు పోగు పైకొస్తే పక్క కూడలిలో అడ్డ పోగు పైకొస్తుంది. కుట్టబోయే కూడలిని దగ్గరగా చూడు. నిలువు పోగు పైన ఉంటే ఆ వరస కిందకు దిగాలి, అడ్డ పోగు పైన ఉంటే పైకి ఎక్కాలి. ఒక ఐమూల వరసలో కూడళ్లన్నీ ఒకే రకంగా ఉంటాయి, పక్క వరసలో అన్నీ రెండో రకంగా ఉంటాయి. కాబట్టి మొదటి కూడలి చూసుకుంటే చాలు. కాన్వాస్ మీద ఎక్కడో దూరంగా వేరే పువ్వు మొదలుపెట్టినా ఇదే లెక్క పాటిస్తే, రెండు చోట్ల నుంచి వచ్చిన నేపథ్యం కలిసినప్పుడు గీత పడదు. ఇంటర్‌లాక్ కాన్వాస్‌లో పోగులు ఒకదానిలో ఒకటి మెలేసి ఉంటాయి, అక్కడ ఈ గుర్తు దొరకదు. దాని మీద కుట్టేటప్పుడు వరస సగంలో ఆపు, మళ్లీ తీసినప్పుడు దారి దానంతటదే తెలుస్తుంది. నువ్వు ఎడమచేత్తో కుడతావు కాబట్టి కాన్వాస్‌ను తలకిందులు చేసి పట్టుకో. వాలు మారదు, లెక్కా మారదు.

దారం చివరలను వెనక దాచేటప్పుడు నిలువుగానో అడ్డంగానో కుట్ల కింద దూర్చు. ఐమూలగా దూరిస్తే ముందువైపు గట్టు తేలుతుంది.

టెంట్ కాక వేరే కుట్లు వేయాలనుకుంటే ఒకటే చూసుకో: దారం ఎటు లాగుతోంది? పోగులకు సమాంతరంగా నిలువుగా వేసే గోబెలిన్, బ్రిక్, బార్జెల్లో కుట్లు కాన్వాస్‌ను వాల్చవు. క్రాస్ కుట్టులో రెండు కాళ్లూ ఎదురెదురు దిక్కులకు లాగి సరిపుచ్చుకుంటాయి. ఏటవాలు కుట్లతో చిన్న చిన్న గడులు కట్టే స్కాచ్ కుట్టు, ఆ గడులన్నీ ఒకే వైపు వాలితే మాత్రం గట్టిగా లాగేస్తుంది. గడి విడిచి గడి వాలు మార్చి వేస్తే లాగుడు తగ్గుతుంది, చూడ్డానికి కూడా అదే బాగుంటుందని నా అభిప్రాయం. ఏ కుట్టు వేసినా ఫ్రేముకు బిగించి కుట్టు. సూదిని ఒక్క ఊపులో దూర్చి తీయకుండా, పైనుంచి దించి ఒకసారి, కింద నుంచి తీసి ఒకసారి లాగు. చేతిలో పట్టుకుని కుట్టేటప్పుడు మనకు తెలియకుండానే దారం బిగిస్తాం. రంధ్రాలు పెద్దవైపోతూ కాన్వాస్ పోగులు తెల్లగా కనబడుతున్నాయంటే బిగువు ఎక్కువైందని అర్థం.

ఇక నీ దిండు ముఖం సంగతి. ముందు రెండు ఐమూల కొలతలూ తీసుకో. 30 సెంటీమీటర్ల సరైన నలుపలకకు ఐమూల కొలత 42.4 రావాలి, రెండూ సమానంగా ఉండాలి. 3 సెంటీమీటర్లు జరిగిన నీ ముక్కకు ఒకటి 44.5 దగ్గర, రెండోది 40.2 దగ్గర వస్తాయి. పొట్టిగా ఉన్న ఐమూల మూలలను దూరంగా లాగడమే మన పని.

నీళ్లు తగిలించే ముందు రంగు దిగుతుందో లేదో చూడు. తెల్లటి గుడ్డ తడిపి వెనకవైపు ప్రతి రంగు మీదా కాసేపు అదిమి పెట్టు, ముఖ్యంగా ఎరుపు, ముదురు నీలం మీద. కాన్వాస్ మీద బొమ్మ గీసిన ఇంకును కూడా అలాగే చూడు. గుడ్డకు రంగు అంటితే తడపొద్దు. అప్పుడు పొడిగా ఉండగానే చేత్తో ఎంత లొంగితే అంత సరిచేసి, మిగతాది బిగించేటప్పుడు చూసుకోవాలి. పట్టుదారం, జరీదారం కలిసిన పనిని కూడా తడపొద్దని చెబుతాను. నీది మొత్తం ఊలే కాబట్టి రంగు పరీక్ష చాలు.

పిన్ను దిగేంత మెత్తటి చెక్క పలక తీసుకో, అన్ని వైపులా కాన్వాస్ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. కాగితం మీద చెరగని ఇంకుతో 30 సెంటీమీటర్ల నలుపలక, దాని చుట్టూ 2 సెంటీమీటర్ల దూరంలో ఇంకోటి గీసి పలక మీద అంటించి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరుచు. తుప్పు పట్టని పిన్నులే వాడు. తుప్పు మరక ఊలుకు పట్టిందంటే పోదు. నీ కాన్వాస్‌కు ఒక పక్క నేత అంచు ఉంది, అది గట్టిగా ఉండి సాగనివ్వదు. దాన్ని అక్కడక్కడా కత్తెరతో చిన్నగా కత్తిరించు.

ఇప్పుడు స్ప్రే సీసాతో రెండు వైపులా సమంగా తడుపు. నీళ్లు కారేంత అక్కర్లేదు. కాన్వాస్‌కు పెట్టిన గంజి మెత్తబడాలి, అంతే. కొన్ని నిమిషాలకు చేతిలో మెత్తగా వాలిపోతే మెత్తబడినట్టు. అప్పుడు పొట్టి ఐమూల మూలలు ఒకటి నువ్వు, ఒకటి ఇంకొకరు పట్టుకుని నిదానంగా లాగండి, వదలండి, మళ్లీ లాగండి. ఒక్కసారిగా గుంజితే పోగు తెగుతుంది. తర్వాత ముఖం కిందకు పెట్టి పలక మీద పరిచి, ఒక మూల పిన్ను చేసి, ఆ అంచును బయటి గీత వెంట తిన్నగా బిగించు. పిన్నులు కుట్టులో గుచ్చకూడదు, ఖాళీ అంచులో ఒకే పోగు వెంట సెంటీమీటరున్నరకు ఒకటి చొప్పున గుచ్చు. తర్వాత దాని పక్క అంచు, ఆ తర్వాత ఎదుటివి. ఉబ్బెత్తు కుట్లు ఉన్న పని అయితే ముఖం పైకి పెట్టాలి, లేకపోతే అణిగిపోతాయి.

తొలిసారే పూర్తిగా సరికావాలని పట్టుబట్టకు. మధ్యమధ్యలో రెండు ఐమూలలూ కొలువు. పొట్టిది 41.6కు పెరిగేటప్పటికి పొడుగుది 43.2కు దిగాలి. ఒకటి పెరుగుతూ రెండోది కదలకుండా ఉందంటే కాన్వాస్ నిటారు కావడం లేదు, ఉత్తినే సాగుతోంది. అప్పుడు పిన్నులు తీసి కాస్త వదులు చేసి మళ్లీ మొదలుపెట్టు. ఆ 41.6 దగ్గరే ఆపి ఆరబెట్టు, రెండోసారి తడిపి 42.4కు తీసుకురా. నీ ముక్కకు రెండుసార్లు పట్టొచ్చు, మూడోసారి అవసరమైనా కంగారు పడకు.

ఆరబెట్టడం నీడలో, పలక పడుకోబెట్టే. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ వాడొద్దు, ఇస్త్రీ పెట్టె దగ్గరకే రానివ్వకు. తడి ఊలు వేడికి కుదించుకుపోతుంది. కనీసం ఒక రోజంతా పడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే రెండు మూడు రోజులు. పైకి ఆరినట్టే ఉంటుంది కాబట్టి మోసపోకు. చెయ్యి తిప్పి వెనకభాగం ఆనించు, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. తొందరపడి పిన్నులు తీస్తే గంజి గట్టిపడక ముందే కుట్లు దాన్ని పాత వాలుకు లాక్కుపోతాయి.

సరిచేసినా కాంటినెంటల్ కుట్ల లాగుడు లోపల అలాగే ఉంటుంది. తేమ తగిలితే కాన్వాస్ మళ్లీ మెల్లగా వాలే వీలుంది. అందుకని పలక మీద నుంచి తీసిన ముక్కను బీరువాలో పెట్టి మర్చిపోకుండా, వెంటనే గట్టి నేత గుడ్డను అస్తరుగా నాలుగు వైపులా కుట్టి దిండు చేసెయ్. అస్తరు గుడ్డను సరిగ్గా నేత దారం వెంట కత్తిరించు. అది వంకరగా ఉంటే కాన్వాస్‌ను కూడా తనతో లాక్కుపోతుంది. ఇలా తడిపి పలక మీద బిగించి సరిచేయడం అయ్యాక రెండు ఐమూలల కొలతలు రాసి పంపు, చూసి అస్తరుకు వెళ్లొచ్చో లేదో చెబుతాను.

మీ పెద్దమ్మ