‘విభాగం’ అంటే డిపార్ట్‌మెంటా, డివిజనా?

ప్రశ్న: పోటీ పరీక్షకు మేనేజ్‌మెంట్ తెలుగులో చదువుతున్నాను. ఒక పుస్తకంలో ఫంక్షనల్ నిర్మాణం అంటే ‘సంస్థను విభాగాలుగా ఏర్పరచడం’ అని ఉంది. ఇంకో పుస్తకంలో డివిజనల్ నిర్మాణాన్నే ‘విభాగ నిర్మాణం’ అన్నారు. మాదిరి పరీక్షలో రెండూ తారుమారు చేశాను. మ్యాట్రిక్స్‌ను ఒకరు ‘మాత్రిక’ అని, ఒకరు ‘మాతృక’ అని రాశారు. ఏది సరి? నాలుగో రకమైన నెట్‌వర్క్ నిర్మాణంలో కూడా తప్పు పెట్టాను. – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ చదువులో లోపం లేదమ్మా. డిపార్ట్‌మెంటుకూ డివిజనుకూ మనవాళ్లు ఒకే మాట ఇచ్చారు, చిక్కంతా అక్కడిది. పోనీ ‘శాఖ’ అందామా అంటే విద్యాశాఖలో అది డిపార్ట్‌మెంటు, బ్యాంకు శాఖలో బ్రాంచి. మీ జిల్లాలోని గుంతకల్లుకు వెళ్లి రైల్వే ఉద్యోగిని అడిగి చూడండి. ‘గుంతకల్లు డివిజన్‌లో కమర్షియల్ డిపార్ట్‌మెంట్’ అంటాడు. డివిజన్ ఫలానా ఊళ్ల మేరకు, డిపార్ట్‌మెంట్ ఫలానా పని మేరకు. అతనికి ఈ రెండూ కలగాపులగం కావు.

కాబట్టి నా సలహా, ‘విభాగం’ కనబడగానే ‘దేనివారీగా?’ అని అడగండి. జిల్లాలవారీగా, పేర్లవారీగా అని మనం రోజూ అనే ఈ ‘వారీ’ పారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరింది. ఏ సంస్కృత పదమూ ఇంత సూటిగా పని చేయదు. ఫంక్షనల్ అంటే పనులవారీ. డివిజనల్ అంటే సరుకులవారీ, ప్రాంతాలవారీ, లేదా కొనేవారివారీ. ‘విధి నిర్మాణం’ అని కొందరు రాస్తారు గానీ, నాకు అది తలరాత గురించి చెబుతున్నట్టు వినిపిస్తుంది.

ధర్మవరంలో పట్టుచీరల యజమాని ఒకరున్నారనుకుందాం. పట్టు కొనడానికి ఒక పెద్ద, అద్దకానికి ఒకరు, నేతకు ఒకరు, అమ్మకానికి ఒకరు, లెక్కలకు ఒకరు. అద్దకంవాళ్లంతా ఒకచోట ఉంటారు కనుక చేయి తిరుగుతుంది, ఒకే రంగుల తొట్టి అన్ని చీరలకూ సరిపోతుంది. ఇది పనులవారీ నిర్మాణం. ఒక రకం చీరలో నష్టం వచ్చిందనుకోండి, అద్దకం పెద్ద నేత మీదికి, నేత పెద్ద అమ్మకం మీదికి నెట్టేస్తారు. లాభనష్టాలు ఒక్క యజమాని దగ్గరే తేలతాయి.

వ్యాపారం పెరిగి ఆయన పెళ్లిచీరలు వేరు, తక్కువ ధర చీరలు వేరు చేశారు. ఒక్కోదానికి సొంత కొనుగోలు, సొంత అద్దకం, సొంత మగ్గాలు, సొంత లెక్కలు. ఇప్పుడు ఏది నష్టంలో ఉందో నెలాఖరుకల్లా తెలుస్తుంది. కానీ రంగుల తొట్టెలు రెండయ్యాయి, రెండూ సగం పూటలు ఖాళీ. ఇది డివిజనల్. అమెరికాలో 1920లలో ఆల్ఫ్రెడ్ స్లోన్ నడిపిన జనరల్ మోటార్స్ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. షెవర్లే, బ్యూక్, కాడిలాక్ ఒక్కోటి ఒక డివిజన్.

ఈ రెండు బొమ్మలూ మనసులో ఉంటే ప్రశ్నపత్రం రాసేవాడు వేసే ఎర పట్టుబడుతుంది. తప్పు జవాబును ఆయన గాలిలోంచి సృష్టించడు. ఒక నిర్మాణానికి చెందిన నిజాన్నే ఇంకోదానికి తగిలిస్తాడు. ‘డివిజనల్ నిర్మాణం వల్ల ఒకే పని రెండుచోట్ల జరగడం తప్పుతుంది’ అని ఇస్తాడు. వాక్యం నున్నగా ఉంటుంది, కానీ ఆ గుణం పనులవారీ నిర్మాణానిది. రెండు తొట్టెలను తలుచుకోండి. అలాగే ‘ఫంక్షనల్ నిర్మాణంలో ప్రతి విభాగాధిపతీ తన లాభనష్టాలకు బాధ్యుడు’ అంటాడు. ఆ ‘విభాగం’ దగ్గరే మీరు జారిపడి ఉంటారు. అద్దకం పెద్దకు ఖర్చు లెక్క ఉంటుంది గానీ లాభం లెక్క ఎక్కడిది? ఆయన చీర అమ్మడు కదా.

దీనికంటే లోతైన బురద ఒకటుంది. ‘ఫంక్షనల్’ అనే మాటకే రెండు చరిత్రలున్నాయి. ఫ్రెడరిక్ టేలర్ 1903లో ప్రకటించిన ‘షాప్ మేనేజ్‌మెంట్’లో ఫంక్షనల్ ఫోర్‌మన్‌షిప్‌ను వివరించాడు. ఎనిమిది మంది ఫోర్‌మన్‌లు, నలుగురు ప్రణాళిక వైపు, నలుగురు పనిచోట. ఒకే కార్మికుడు వేగం సంగతి ఒకరి దగ్గర, మరమ్మతు సంగతి ఒకరి దగ్గర, నాణ్యత సంగతి మరొకరి దగ్గర వినాలి. అంటే ఫాయోల్ చెప్పిన ఆదేశ ఏకత్వం, ఒక మనిషికి ఒకే పైఅధికారి అనే సూత్రం, అక్కడ నిలవదు. మన ధర్మవరం అద్దకంవాడికి మాత్రం అధికారి ఒక్కరే. తెలుగు పుస్తకాలు రెండింటినీ ‘కార్యాత్మక’ అనేశాయి. కనుక ‘కార్యాత్మక సంస్థలో ఆదేశ ఏకత్వం లోపిస్తుంది’ అనే వాక్యం ఒక ప్రశ్నలో ఒప్పు, ఇంకో ప్రశ్నలో తప్పు. పక్కన ఎవరున్నారో చూడండి. లైన్, లైన్ అండ్ స్టాఫ్ అనే మాటలు తోడుంటే అది టేలర్‌ది. డివిజనల్, మ్యాట్రిక్స్, నెట్‌వర్క్ తోడుంటే డిపార్ట్‌మెంట్లది.

ఇక మీ మాత్రిక. లెక్కల పుస్తకంలో ఉన్నది ‘మాత్రిక’, అదే రాయండి. ‘మాతృక’ అంటే మూలప్రతి, అది వేరు. చిత్రమేమంటే లాటిన్‌లో మ్యాట్రిక్స్ అనే మాటకు మూలం తల్లి అనే పదమే. కాబట్టి మాతృక అన్నవారు వ్యుత్పత్తి పరంగా దగ్గరికి వచ్చి, వాడుక పరంగా తప్పారు. మాత్రిక అంటే అడ్డువరుసలు, నిలువు వరుసలు. బెంగళూరు దుకాణం ఒకటి మన చీరల యజమానికి మూడు నెలల గడువుతో పెద్ద ఆర్డరు ఇచ్చిందనుకోండి. డిజైను గీసే అమ్మాయి తన డిజైన్ పెద్దకు నిలువు వరుసలో, ఆ ఆర్డరు చూసుకునే మేనేజరుకు అడ్డువరుసలో జవాబుదారీ. రెండు గీతలు కలిసిన గడిలో ఆమె ఉంది. అంచు ఇంకా బాగుపడాలని ఒకరు, రేపే పంపాలని ఒకరు అంటారు. ‘మ్యాట్రిక్స్‌లో ఆదేశ ఏకత్వం కచ్చితంగా పాటిస్తారు’ అనే ఎర ఈ గడి దగ్గరే తేలిపోతుంది. ఆర్డరు ముగిశాక ఆమె ఎక్కడికీ పోదు, డిజైన్ విభాగంలోనే ఉంటుంది. అందుకే ‘మ్యాట్రిక్స్‌లో పనులవారీ విభాగాలు రద్దవుతాయి’ అన్నదీ తప్పే.

నెట్‌వర్క్‌ను నెట్‌వర్క్ అనే ఉంచండి. ‘జాల నిర్మాణం’ అంటే అంతర్జాలం గుర్తొస్తుంది, ‘ఉద్యోగులను కంప్యూటర్లతో కలిపే ఏర్పాటు’ అనే తప్పు జవాబు సరిగ్గా ఆ గుర్తు మీదే బతుకుతుంది. యజమాని పేరూ డిజైనూ తన దగ్గర ఉంచుకుని, అద్దకం ఒక సంస్థకు, నేత ఇంకొకరికి, రవాణా వేరొకరికి ఒప్పందం మీద అప్పగిస్తే అది నెట్‌వర్క్. అక్కడ ఆయన ఆజ్ఞ నడవదు, ఒప్పందం నడుస్తుంది. అద్దకంవాళ్లు గడువు దాటితే మెమో ఇవ్వలేడు, కాగితంలో రాసుకున్నంత మేరకే అడగగలడు. ‘నెట్‌వర్క్‌లో ప్రతి దశ మీదా ప్రత్యక్ష నియంత్రణ ఉంటుంది’ అని కనిపిస్తే కొట్టేయండి. ఊళ్లో మగ్గాలకు పట్టు ఇచ్చి కూలికి నేయించే పద్ధతి దీనికి దగ్గరగా కనిపిస్తుంది గానీ, నేతగాడు ఒకే యజమాని పట్టు మీద, ఆయన అడ్వాన్సు మీద ఆధారపడి ఉంటే అతన్ని స్వతంత్ర సంస్థగా లెక్కపెట్టడానికి నాకు మనసొప్పదు.