"మాకు ఆల్రెడీ ఉన్నారండి" అంటే ఏం రాయాలి?

పాలకొల్లు

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. నువ్వు బాక్సుల ఆర్డరు అడిగితే ఆత్రేయపురం పూతరేకుల షాపాయన ఒక్క ముక్క రాశాడు: "మాకు ఆల్రెడీ బాక్సులు వేసేవాళ్ళు ఉన్నారండి." దానికి నువ్వు రాసిన జవాబు ఇరవై లైన్లు. మీ మెషిన్లు, మీ ప్రింటింగు, పాతవాళ్ళకంటే పది శాతం తక్కువ రేటు, ఆఖర్న "ఒక్క అవకాశం ఇవ్వండి". ఇంకా పంపలేదన్నావు. బతికించావు.

ఆయన మాట ఇంకోసారి చదువు. బాక్సులు అక్కర్లేదనలేదు. డబ్బు పెట్టి కొంటున్నాననే చెప్పాడు. ఆయనకి వద్దనిపించింది మార్చే తలనొప్పి. నువ్వేమో ఇరవై లైన్లూ మార్చమనే బతిమాలావు.

ముందు ఆ పది శాతం తీసెయ్. అది చూడగానే ఆయన నీ మెసేజ్‌ని పాత సప్లయరుకి ఫార్వర్డ్ చేస్తాడు. అతను ఐదు తగ్గిస్తాడు. నీ రేటుతో వాళ్ళిద్దరి బేరం తెగుతుంది, నీకేం రాదు. పైగా పాతాయన పండగ సరుకు అరువిచ్చి, అమ్మకాలయ్యాక డబ్బు తీసుకుంటుంటే, ఆ అరువు ముందు నీ తగ్గింపు నిలవదు.

"పాతవాళ్ళకంటే" అన్న మాట కూడా వద్దు. నా మొదటి రోజుల్లో ఒక రైసుమిల్లుకి గోతాల కోసం ఉత్తరం రాస్తూ, మీకిప్పుడు వచ్చే సరుకు నాసిరకమని ఘాటుగా వాయించాను. ఆ గోతాలిచ్చేది మిల్లు ఓనరు వియ్యంకుడట. మన గోదావరి జిల్లాల్లో ఎవరికెవరు ఏమవుతారో ఉత్తరం వెళ్ళాకే తెలుస్తుంది! చుట్టరికం లేకపోయినా సరే, ఆ సప్లయర్ని ఎంచుకున్నది ఆయనే. అతన్ని తిడితే ఈయన ఎంపికని తిట్టినట్టే.

నేనైతే ఇలా రాస్తాను:

"అలాగేనండి, ఆయన్ని మార్చమని అడగనండి. ఒక్క విషయం చెప్తారా? సంక్రాంతి ముందు వారంలో అనుకున్నదానికంటే ఆర్డర్లు ఎక్కువైతే, అదనపు బాక్సులు మీకు ఎన్ని రోజుల్లో అందుతాయండి?"

అంతే. మొదటి వాక్యంతో ఆయన భయం పోతుంది. ఆ ప్రశ్నకి జవాబు కౌంటర్ దగ్గర నిలబడే నాలుగు మాటల్లో కొట్టొచ్చు. "వాళ్ళ పని బాగుందాండి?" అని అడిగితే "ఆయ్, బానే ఉందండి" అంటాడు, కథ అక్కడితో సరి. "ఎన్ని రోజులు" అంటే లెక్క వేసుకోవాలి. లెక్క వేసుకుంటే పోయిన పండగ గుర్తొస్తుంది.

ఆ ప్రశ్నే ఎందుకంటే, ప్రింటు బాక్సు అడగ్గానే వచ్చేది కాదు. ప్లేటు ఉండాలి, కటింగు డై ఉండాలి, ప్రెస్సులో వంతు రావాలి. పండగ ముందు తాపేశ్వరం కాజా షాపులూ, కాకినాడ కాజా షాపులూ అన్నీ ఒకేసారి ప్రెస్సుల మీద పడతాయి. ఒక్క సప్లయరు మీదే ఆధారపడ్డవాడికి ఇరుకయ్యేది అప్పుడే.

"రెండ్రోజుల్లో ఇచ్చేస్తారండి" అని వస్తే నమ్ము. వాదించకు. "మంచిదండి, దసరా వెళ్ళాక ఒకసారి పలకరిస్తాను" అని ఆపు. "వారం పడుతుందండి, పోయినేడు కొంచెం ఇబ్బందైంది" అని వస్తే మాత్రం ఎగిరి గంతేసి కొటేషన్ పంపకు. అసలు ఆర్డరు పాత సప్లయరుకే వదిలెయ్. ప్రింటు లేని సాదా బాక్సులు, మీ సైజులోనే, రెండు వందలు ముందే చేసి ఉంచుతాం, మీ షాపు స్టిక్కర్ అంటిస్తే చాలు, అని చెప్పు. కొలతకి ఒక ఖాళీ బాక్సు ఇస్తారా అని అడుగు. ఈ జవాబుతో నీకు రావాల్సింది ఆ ఖాళీ బాక్సే, ఆర్డరు కాదు. బాక్సు తీసుకోడానికి వెళ్ళినప్పుడు రేకులు సర్ది చూపించమను. లోపల ఖాళీ మిగిలితే బస్సు కుదుపులకి పూతరేకులు నుసైపోతాయి. కాబట్టి కొలత సరుకుతో కలిపి తీసుకో.

ఇదంతా రాసే ముందు మీ ప్రొడక్షన్ ఆయన్ని అడుగు, జనవరి మొదటి వారంలో ఆ రెండు వందలు నిజంగా ఇవ్వగలరా అని. ఆయన నసిగితే ఆ లైను రాయకు. మాటిచ్చి తప్పితే ఆ వీధి మొత్తానికి సాయంత్రానికల్లా తెలిసిపోతుంది.

అసలు జవాబే రాకపోతే దసరా తర్వాత ఒక్కసారి, అదే ప్రశ్న ఇంకా చిన్నగా. అప్పటికీ పలక్కపోతే వదిలెయ్. వారం వారం "గుడ్ మార్నింగ్ అండి" పంపేవాళ్ళ నంబర్లు ఏమవుతాయో నీకు తెలుసు.

పొద్దున్నే పంపు. సాయంత్రం కారుల్లో వచ్చేవాళ్ళతో ఆయనకి ఫోను చూసే తీరిక ఉండదు.

మీ అన్నయ్య