థీసిస్‌లో వేరొకరి బొమ్మ: పబ్లిషర్‌కు ఏం రాయాలి?

ప్రశ్న: భూగర్భశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. 2014లో ఒక విదేశీ జర్నల్‌లో వచ్చిన రాతిపొరల బొమ్మను నా థీసిస్‌లో వాడాలి. కింద పేరు వేస్తే చాలని మా గైడ్ గారు అంటున్నారు. ఆ పేపర్ రాసిన ప్రొఫెసర్ గారు కూడా మెయిల్‌లో సరేనన్నారు. అయినా పబ్లిషర్‌కు ఉత్తరం రాయాలా? – ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందు ఆ పేపర్ మొదటి పేజీలో © గుర్తు పక్కన ఎవరి పేరుందో చూడండమ్మా. అక్కడ పబ్లిషర్ పేరుంటే, ప్రొఫెసర్ గారు తన హక్కును వారికి రాసిచ్చేసినట్టే. అప్పుడు ఆయన సరేనన్నా సరిపోదు. అందరూ వాడుకోవచ్చని ముందే ఒప్పుకునే CC BY లైసెన్సు అని ఉంటే మాత్రం అనుమతి అక్కర్లేదు, మూలమూ లైసెన్సు పేరూ రాస్తే చాలు. బొమ్మ కింది వాక్యం కూడా చదవండి. దాన్ని వాళ్లే ఇంకొకరి దగ్గర తీసుకుని ఉంటే, ఆ అసలు వారినే అడగాలి.

మీ గైడ్ గారి మాటలో కొంత నిజముంది. కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52 పరిశోధన కోసం న్యాయమైన వాడకాన్ని ఒప్పుకుంటుంది. కానీ మీ థీసిస్ పరీక్షకుల బల్ల మీదే ఉండిపోదు, థీసిస్‌ల ఆన్‌లైన్ భండారమైన శోధగంగలోకి ఎక్కుతుంది. ప్రపంచంలో ఎవరైనా దించుకోవచ్చు. అంత దూరం వెళ్లే వాడకానికి ఆ మినహాయింపు ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను.

ఉత్తరం ఇంగ్లిష్‌లో, ఈ అర్థం వచ్చేలా రాయండి:

"మీ జర్నల్ ఫలానా సంపుటం, 2014, ఫలానా పేజీలోని 3వ బొమ్మను నా పీహెచ్‌డీ థీసిస్‌లో మార్పు లేకుండా ఒకసారి వాడుకోవడానికి అనుమతి కోరుతున్నాను. ఉద్దేశం డిగ్రీ కోసం సమర్పించడమే, అమ్మకం లేదు. థీసిస్ అచ్చు ప్రతిగానూ, విశ్వవిద్యాలయ భండారంలోనూ శోధగంగలోనూ ఎలక్ట్రానిక్ ప్రతిగానూ ఉంటుంది. అనుమతి ప్రపంచమంతటికీ, కాపీరైట్ ఉన్నంతకాలం వర్తించాలి. బొమ్మ కింద ఇలా వేస్తాను: 'రచయిత, వ్యాసం పేరు, జర్నల్, సంపుటం, పేజీ, 2014. © పబ్లిషర్. అనుమతితో పునర్ముద్రణ.' మీకు వేరే వాక్యం కావాలంటే తెలపగలరు."

కాలమూ ప్రాంతమూ అంత విడిగా ఎందుకంటే, మన చట్టం ప్రకారం లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలం చెప్పకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే అని అర్థం చేసుకుంటారు (సెక్షన్లు 19, 30, 30ఏ). శోధగంగలో మీ థీసిస్ 5 ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది కదా.

చాలా జర్నళ్లలో వ్యాసం పక్కనే RightsLink వంటి అనుమతుల లింక్ ఉంటుంది. అందులో వాడకం థీసిస్ అని ఎంచుకోండి. వచ్చిన లైసెన్సులో శోధగంగ లాంటి ఆన్‌లైన్ భండారానికి ఒప్పుకున్నారో లేదో చదివి చూసుకోండి. వాళ్లిచ్చిన క్రెడిట్ వాక్యాన్ని అక్షరం మార్చకుండా వేసి, లైసెన్సు ప్రతిని అనుబంధంలో పెట్టండి. బొమ్మలో పేర్లు తెలుగులోకి మార్చినా, ఒక భాగం కత్తిరించినా అది మార్పే, ఆ మాట ఉత్తరంలో ముందే చెప్పాలి.

జవాబు రాకపోతే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు. టెన్షన్ పడకుండా ఇంకోసారి రాయండి. అప్పటికీ రాకపోతే ఆ పేపర్‌లోని లోతులు, మందాల అంకెలు తీసుకుని మీ సొంత బొమ్మ గీసుకోండి. అంకెలకు, వాస్తవాలకు కాపీరైట్ లేదు. మూలం మాత్రం రాయండి, పాత బొమ్మ మీద కాగితం పెట్టి దిద్దకండి. ఈ థీసిస్‌ను రేపు పుస్తకంగా వేస్తే, ఆ వాడకానికి మళ్లీ వేరే అనుమతి అడగాలి.