బ్రిటన్ ప్రీపెయిడ్ మీటర్‌లో ఎమర్జెన్సీ క్రెడిట్

బ్యాలెన్స్ అయిపోగానే కరెంటు పోతుందా? ఎమర్జెన్సీ క్రెడిట్ ఉచితమా?

ఎమర్జెన్సీ క్రెడిట్ ఆన్ చేసుకుంటే వెంటనే పోదు, కానీ అది ఉచితం కాదు, అప్పు. బ్యాలెన్స్ బాగా తగ్గాక మీటర్ మీదో, యాప్‌లోనో దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. సాధారణంగా 5 నుంచి 10 పౌండ్లు ఇస్తారు. వాడుకున్నంతా తర్వాతి రీఛార్జ్‌లోంచి ముందుగా కోసేసుకుంటారు.

ఉదాహరణకు 7 పౌండ్ల అప్పు వాడి 20 వేస్తే చేతికి 13 మిగులుతాయి. అదే 5 వేస్తే ఇంకా 2 బాకీ! చాలామంది తికమకపడేది ఇక్కడే.

రాత్రిళ్లు, శని ఆదివారాల్లో బ్యాలెన్స్ అయిపోయినా సాధారణంగా కరెంటు తీయరు. అలాగని ఆ వాడకం మాఫీ కాదు. బాకీ పెరుగుతూనే ఉంటుంది, ఆ వేళలు ముగిశాక కట్టకపోతే సరఫరా ఆగిపోతుంది.