అడ్వాన్సు ఉత్తరానికి ప్రాణం వాయిదా లెక్క

ప్రశ్న: కడపలోని ఒక టూవీలర్ షోరూంలో అకౌంట్స్ చూస్తున్నాను. జీతం 24,000; కోతలు పోను 22,000 చేతికొస్తుంది, అందులో 15,000 ఇంటికే పోతుంది. నాన్నకు కర్నూలులో పిత్తాశయం ఆపరేషన్‌కు 62,000 అవుతుందన్నారు. నా దగ్గర 14,000 ఉంది, బావ 12,000 ఇస్తానన్నాడు. అడ్వాన్సు కోసం మేనేజరుకు రాయబోతే బతిమాలినట్టే ఉంటోంది. ఎలా రాయాలి సార్?

జవాబు: ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందేమో ముందుగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, వస్తే ఈ ఉత్తరం అవసరమే ఉండకపోవచ్చు. ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000 కనుక ఆ దారి మీకు ఉండకపోవచ్చు గానీ, పే స్లిప్పులో ఆ కోత ఉందేమో ఒకసారి చూసుకోండి.

ఉత్తరం బతిమాలినట్టు ఉండడానికి కారణం అందులో కష్టం ఎక్కువ, లెక్క తక్కువ కావడమే. మేనేజరు ఆ కాగితాన్ని సాధారణంగా యజమానికో, హెడ్డాఫీసుకో పంపుతారు. వారికి మీ ముఖం తెలియదు. ఎంత కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఎలా తిరిగి వస్తుంది అన్న మూడింటికీ కాగితమే జవాబు చెప్పాలి. కాబట్టి 62,000 అడగకుండా మీకు తక్కువ పడుతున్న 36,000 మాత్రమే అడగండి.

"గౌరవనీయులైన మేనేజరు గారికి, మా నాన్నగారి శస్త్రచికిత్సకు 62,000 రూపాయలు అవుతుందని ఆసుపత్రి వారు ఇచ్చిన అంచనా పత్రాన్ని జతచేస్తున్నాను. అందులో 26,000 నేను సమకూర్చుకున్నాను. మిగిలిన 36,000 రూపాయలను జీతం అడ్వాన్సుగా మంజూరు చేసి, వచ్చే నెల జీతం నుంచి నెలకు 6,000 చొప్పున 6 నెలల్లో మినహాయించుకోవలసిందిగా కోరుతున్నాను. ఆసుపత్రిలో చేరే సమయంలోనే డబ్బు కట్టవలసి ఉన్నందున ఈ నెల 18వ తేదీలోగా మంజూరైతే ఉపకారంగా ఉంటుంది. వాయిదాలు పూర్తికాకముందే ఉద్యోగం వదిలితే, మిగిలిన మొత్తాన్ని నాకు రావలసిన సొమ్ము నుంచి తీసుకోవడానికి అంగీకరిస్తున్నాను."

తేదీని ఆసుపత్రి చెప్పిన రోజును బట్టి మార్చుకోండి. అంచనా పత్రం చాలు. స్కానింగ్ రిపోర్టులు ఆఫీసులో చేతులు మారనక్కర్లేదు.

చాలామంది పొరపడేది వాయిదా దగ్గరే. త్వరగా తీర్చేస్తానంటే మంచి పేరు వస్తుందని 12,000 చొప్పున 3 నెలలు అని రాస్తారు. అలా రాస్తే మీ చేతికి 10,000 మిగులుతుంది, ఇంటికి 15,000 కావాలి. రెండో నెలకే మళ్లీ చేయి చాచాలి. పైగా వేతన చట్టం ప్రకారం అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. ఇప్పటికే పోతున్న 2,000కు 12,000 కలిపితే 14,000 అవుతుంది. 6,000 అయితే ఇల్లు గడిచి వెయ్యి మిగులుతుంది.

నెలన్నర జీతం ఎక్కువని వారు అనవచ్చు. అప్పుడు మాట తడబడకుండా, ఒక నెల జీతమైన 24,000కు ఒప్పుకొని, నెలకు 6,000 చొప్పున 4 వాయిదాలు చెప్పండి. మిగతా 12,000కు పీఎఫ్ ఖాతా ఉంటే అనారోగ్యం కారణంగా అందులోంచి తీసుకునే వీలు చూడండి, అది తిరిగి కట్టనక్కర్లేదు. మంజూరును నోటిమాటగా వదలకుండా, వాయిదా మొత్తం, మొదలయ్యే నెల ఉన్న మెయిల్ తీసుకుని, మొదటి పే స్లిప్పులో కోత అంతే ఉందో లేదో సరిచూసుకోండి.