‘కదా’ అని అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబులు

“కొండకు వెళ్లే బస్సుల మీద ప్రాజెక్టు సర్వే చేశాను. ‘బస్సులు శుభ్రంగా, టైముకు నడుస్తున్నాయి కదా?’ అంటే చాలామంది ‘ఫర్వాలేదు’కే టిక్ పెట్టారు. దీన్ని ఎలా విశ్లేషించాలన్నా?”

తమ్ముడూ, ఈ జవాబుల నుంచి ఏమీ తేల్చలేం. బస్సు శుభ్రంగానే ఉంది, కానీ అరగంట ఆలస్యంగా వచ్చిందనుకో. ఆ ప్రయాణికుడు ఏం టిక్ పెట్టాలి? ఐదు గడుల మధ్యలో ఉన్న ‘ఫర్వాలేదు’కే పోతాడు. రెండూ నిజంగా ఫర్వాలేదనుకున్నవాళ్లూ అదే పెడతారు. ఎక్సెల్‌లో ఇద్దరూ 3గానే కనిపిస్తారు.

ముందు ‘కదా’ తీసెయ్. అది వినగానే మొహమాటానికి అవునంటారు. తర్వాత ప్రశ్నను విడగొట్టు. ‘ఈరోజు మీరు ఎక్కిన బస్సు లోపల ఎలా ఉంది?’ అని అడిగి చాలా మురికిగా, కొంచెం మురికిగా, రెండూ కాదు, కొంచెం శుభ్రంగా, చాలా శుభ్రంగా అని ఐదు గడులివ్వు. ‘గమనించలేదు’కు వేరే గడి పెట్టు, దాన్ని 3గా లెక్కించొద్దు. సమయానికి అసలు స్కేలే వద్దు, ‘బస్సు కోసం ఎన్ని నిమిషాలు ఎదురుచూశారు?’ అని అడుగు. నిమిషాలకైతే మధ్యగతం తీయొచ్చు. శుభ్రతకు ఒక్కో గడికి ఎంత శాతమో చూపిస్తే చాలు, గడుల మధ్య దూరం సమానమని చెప్పలేం కాబట్టి సగటు మీద ఆధారపడకు.

ప్రింటుకు ఇచ్చేముందు అలిపిరి దగ్గర ఏడెనిమిది మందితో నింపించి, ‘ఏం ఆలోచించి ఇక్కడ టిక్ పెట్టారు?’ అని అడుగు. శుభ్రత ప్రశ్నకు ఎవరైనా రద్దీ గురించి చెబితే మాట ఇంకా మార్చాలి. పాత జవాబులను కొత్తవాటితో కలపొద్దు.