యాప్‌లో ఎడమ చెవికి 55 డెసిబెల్స్ వచ్చింది.. బూత్ పరీక్ష కూడా కావాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44. కూకట్‌పల్లిలో ఉంటాను. నాలుగు రోజుల క్రితం నిద్ర లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయినట్టు అనిపించింది. గుయ్‌మని మోత కూడా ఉంది. పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఫోను యాప్‌లో పరీక్షించుకుంటే కుడి చెవికి 15, ఎడమ చెవికి 55 డెసిబెల్స్ అని వచ్చింది. యాప్‌ను నమ్మవచ్చా, లేక ఆస్పత్రిలో బయటి చప్పుడు చొరబడని బూత్‌లో కూర్చోబెట్టి చేసే పరీక్ష కూడా కావాలా? జలుబు ఉంది, అది తగ్గాక చూపించుకుంటే సరిపోతుందా?

జవాబు: జలుబు తగ్గేదాకా ఆగవద్దు. ఇది చదివిన రోజే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఒక్క చెవికి ఉన్నట్టుండి వినికిడి తగ్గితే, అది లోపలి చెవి నరానికి సంబంధించినది కావచ్చు. దానికి మందు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. రెండు వారాలు దాటితే తిరిగి కోలుకునే అవకాశం బాగా తగ్గిపోతుంది.

రెండు చెవులకూ తేడా ఉందన్న సంగతి యాప్ సరిగానే చెప్పి ఉంటుంది. ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నా, బయట బస్సుల రొద ఉన్నా ఆ చప్పుడు దాదాపు సమానంగా రెండు చెవుల మీదా పడుతుంది. ఒక్క చెవికే 40 డెసిబెల్స్ తేడా దానివల్ల రాదు. హెడ్‌ఫోన్‌లో లోపమేమో అన్న అనుమానం ఉంటే వాటిని తిప్పి పెట్టుకుని మళ్లీ పరీక్షించండి. ఈసారి యాప్ కుడి చెవి బాగోలేదని చూపిస్తే, లోపం మీ ఎడమ చెవిలోనే ఉన్నట్టు.

చెవికి వినబడే అతి చిన్న శబ్దం ఎంతో చెప్పేదే ఆ అంకె; అది పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు. కానీ ఆ 55 అన్న అంకెను మాత్రం నమ్మలేం. ఆస్పత్రిలో వినికిడిని కొలిచే ఆడియోమీటర్‌ను దాని హెడ్‌ఫోన్లతో కలిపి సరిచూసి ఉంచుతారు. మీరు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు ఎంత గట్టిగా మోగుతాయో చాలా యాప్‌లకు తెలియదు. ఫోను, ఇయర్‌ఫోన్లు ఒకే కంపెనీవై, వాటిని కలిపి కొలిచి తయారుచేసిన పరీక్షలు కొంత మెరుగు.

మీ విషయంలో ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఎడమ చెవిలో గట్టిగా మోగిన శబ్దం పుర్రె ఎముక ద్వారా కుడి చెవికి చేరుతుంది. మీలాంటి పెద్ద హెడ్‌ఫోన్లతో అలా దాటేటప్పుడు సుమారు 40 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే ఎడమవైపు 55తో మోగిన శబ్దం కుడి లోపలి చెవికి 15తో అందుతుంది. మీ కుడి చెవి 15 అంత చిన్న శబ్దాన్ని కూడా వినగలదు కదా! మీరు 'వినబడింది' అని నొక్కినప్పుడు విన్నది కుడి చెవే అయి ఉండవచ్చు. అసలు ఎడమ చెవి 55 దగ్గరే ఉందో, 90కి పోయిందో ఆ యాప్ తేల్చలేదు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ అయితే కుడి చెవిలో 'ష్‌ష్' అనే మోత పెట్టి దాన్ని అడ్డుకుంటారు. దీన్నే మాస్కింగ్ అంటారు.

ఆ తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న కంపన పరికరం ఉంచి మళ్లీ పరీక్షిస్తారు. ఈ దారిలో శబ్దం కర్ణభేరిని దాటవేసి నేరుగా లోపలి చెవికి వెళ్తుంది. ఎముక ద్వారా బాగా వినబడి, హెడ్‌ఫోన్లతో గాలి ద్వారా వినబడకపోతే అడ్డు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. గులిమి కావచ్చు, జలుబు వల్ల కర్ణభేరి వెనక చేరిన నీరు కావచ్చు. రెండు దారుల్లోనూ ఒకేలా తగ్గితే లోపలి చెవిదో నరానిదో సమస్య. మీరు భయపడాలా, ఊపిరి పీల్చుకోవాలా అన్నది తేలేది ఇక్కడే. హెడ్‌ఫోన్లతో చేసే యాప్ పరీక్షలో ఈ భాగమే ఉండదు.

బూత్ ఇచ్చేది నిశ్శబ్దం. మామూలు గదిలో ఫ్యాను రొద ముఖ్యంగా 250, 500 హెర్ట్జ్ లాంటి మంద్ర శబ్దాలను మింగేస్తుంది. కానీ బూత్‌లో కూర్చోబెట్టి కేవలం గాలి పరీక్ష చేసి పంపేస్తే మీకు ఒరిగేది తక్కువ. రిపోర్టు చేతికి వచ్చాక ఎడమ చెవి గుర్తులు చూడండి. నీలం 'X' అంటే మాస్కింగ్ లేకుండా తీసినది, చిన్న చతురస్రం అంటే మాస్కింగ్‌తో తీసినది. ఎముక పరీక్ష మాస్కింగ్‌తో జరిగితే ']' గుర్తు ఉంటుంది. తేడా ఇంత ఉన్నా చతురస్రం, ']' రెండూ లేకపోతే మర్యాదగానే అడగండి: "మాస్కింగ్ చేశారా?" అని.

కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రికైనా, మీకు దగ్గరలోని ఆడియాలజిస్ట్ ఉన్న ఆస్పత్రికైనా వెళ్లవచ్చు. డాక్టర్ ముందు చెవిలోకి చూసి, గులిమి ఉంటే తీసి, ట్యూనింగ్ ఫోర్క్‌తో పరీక్షిస్తారు. దాన్ని నుదుటి మీద పెట్టినప్పుడు మోత మూసుకున్న చెవిలోకే వెళ్తే అడ్డు మధ్య చెవిలో అనుకోవచ్చు. బాగున్న చెవిలోకి వెళ్తే లోపలి చెవి సమస్య అనుకుంటారు. అలా అని తేలితే స్టెరాయిడ్ మాత్రలో, కర్ణభేరి గుండా ఇంజెక్షనో ఇస్తారు. తర్వాత ఎంఆర్ఐ కూడా అడగవచ్చు. మీకు షుగరు ఉంటే ముందే చెప్పండి, స్టెరాయిడ్లతో అది పెరుగుతుంది. ఈలోగా చెవిలో నూనె, చుక్కల మందు ఏదీ వేయకండి. తల తిరగడం గానీ, ముఖం ఒక పక్క వంకరపోవడం గానీ, చేయి, కాలు పట్టు తప్పడం గానీ, మాట తడబడటం గానీ ఉంటే ఓపీ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.